కుటుంబ వ్యాపారంలో ఉద్యోగానికి వెళ్లే ముందు: కనీస వేతనం, పీఎఫ్, నియామక పత్రంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో తండ్రీకొడుకులో అన్నదమ్ములో నడిపే హోల్‌సేల్ దుకాణాలు, ప్రింటింగ్ ప్రెస్సులు, చిన్న కార్ఖానాలు, ఏజెన్సీలలో పనికి చేరాలనుకునేవారి కోసం ఈ ప్రశ్నలు, జవాబులు రాశాం. ఇలాంటి చోట్ల హెచ్‌ఆర్ విభాగం ఉండదు. యజమానే ఇంటర్వ్యూ చేస్తారు, జీతం చెబుతారు, రేపటినుంచి రమ్మంటారు. అందువల్ల చేరకముందే బయటినుంచి ఎంతవరకు తెలుసుకోవచ్చన్నదే ఇక్కడ ప్రధానంగా చెబుతున్నాం.

పరిశీలన ఎక్కడ మొదలుపెట్టాలి?

సంస్థ అసలు పేరుతో మొదలుపెట్టాలి. బోర్డు మీద కనిపించే పేరు చాలాసార్లు వాడుక పేరు మాత్రమే. పీఎఫ్ రికార్డుల్లోనూ కార్మిక శాఖ రికార్డుల్లోనూ సంస్థ మరో పేరుతో ఉంటుంది. బోర్డు పేరుతో వెదికి, ఏమీ దొరకక, పీఎఫ్ లేదని నిర్ధారించుకుంటే అది తొందరపాటే.

అసలు పేరు తెలుసుకోవడానికి తేలికైన దారి ఆ దుకాణం ఇచ్చే బిల్లు. బిల్లు మీద పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరు ఉంటుంది. జీఎస్టీ వెబ్‌సైటులో లాగిన్ అవసరం లేకుండానే `Search Taxpayer` అనే చోట ఆ నంబరు కొడితే చట్టబద్ధమైన పేరు, వాడుక పేరు, రిజిస్ట్రేషన్ తేదీ, సంస్థ ఒక్కరి యాజమాన్యంలో ఉందా లేక భాగస్వామ్యమా అన్న సంగతి కనిపిస్తాయి. ఒక్కరి యాజమాన్యమైతే చట్టబద్ధమైన పేరు స్థానంలో యజమాని సొంత పేరే వస్తుంది. ఈ రెండు పేర్లనూ రాసిపెట్టుకోండి, తర్వాతి వెతుకులాట అంతా వీటితోనే సాగుతుంది. షాపులో గోడకు తగిలించిన కార్మిక శాఖ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మీద కూడా పేరు, యజమాని, పనివారి సంఖ్య చూడవచ్చు. ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు ఆ కాగితం మీద ఒకసారి కన్ను వేస్తే చాలు, ఎవరినీ అడగనక్కరలేదు.

“మా దగ్గర ఇరవై మంది లేరు, కాబట్టి పీఎఫ్ రాదు” అంటున్నారు. నమ్మవచ్చా?

కుటుంబ వ్యాపారాల్లో ఎక్కువగా వినిపించే మాట ఇదే. కొన్నిసార్లు నిజం, కొన్నిసార్లు లెక్క తప్పు, ఇంకొన్నిసార్లు కావాలని వేసిన లెక్క. ఇరవై మంది అన్న హద్దు చట్టంలో ఉన్నమాట వాస్తవమే. 1952 నాటి పీఎఫ్ చట్టంలో ఉన్న ఈ సంఖ్యే, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ అనే కొత్త చట్టంలోనూ కొనసాగింది. అయితే ఆ ఇరవై మందిని ఎలా లెక్కపెట్టాలన్న దగ్గరే అసలు చిక్కు ఉంది.

లెక్కలోకి కౌంటర్‌లో కూర్చునేవారు మాత్రమే రారు. గోడౌన్‌లో బస్తాలు దించేవారు, డెలివరీ కుర్రాళ్లు, రోజుకూలీ మీద వచ్చేవారు, కాంట్రాక్టరు ద్వారా వచ్చి ఆ సంస్థ పనే చేసేవారు, అందరూ వస్తారు. గోడౌన్ వాళ్లను “వాళ్లు మా స్టాఫ్ కాదండీ” అని పక్కకు తీసేయడం ఈ వ్యాపారాల్లో పాతుకుపోయిన అలవాటు. యజమాని, భాగస్వాములు లెక్కలోకి రారు. కానీ యజమాని బావమరిది నెలనెలా జీతం తీసుకుంటూ పనిచేస్తుంటే, బంధువైనంత మాత్రాన ఆయనను తీసేయడం కుదరదు.

రెండో సంగతి సంస్థలను విడగొట్టడం. ఒకే షట్టరు వెనుక తండ్రి పేరున ఒక సంస్థ, పెద్ద కొడుకు పేరున ఒకటి, కోడలి పేరున మరొకటి ఉండటం మామూలే. పన్నుల లెక్కల కోసమో, ఆస్తి పంపకాల కోసమో అలా పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. కాని పనివాళ్లు ఉదయం ఒక సంస్థ బిల్లులు, మధ్యాహ్నం మరో సంస్థ బిల్లులు రాస్తూ, గోడౌన్, గల్లాపెట్టె, అజమాయిషీ చేసే మనిషి అన్నీ ఒక్కటే అయినప్పుడు పీఎఫ్ అధికారులు, కోర్టులు వాటన్నింటినీ కలిపి ఒకే సంస్థగా పరిగణించిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఇందుకు ఒక్క కొలబద్ద అంటూ లేదు. యాజమాన్యం, నిర్వహణ, డబ్బు, పనివాళ్ల మార్పిడి, ఒక యూనిట్ లేకుండా మరొకటి నడవగలదా అన్న విషయాలన్నీ కలిపి చూస్తారు. కనుక ఇంటర్వ్యూ రోజున మీరు ఏ పేరు మీద పనిచేస్తారో, జీతం ఏ పేరు మీద వస్తుందో అడగండి. జవాబులు రెండు వేర్వేరు సంస్థల పేర్లైతే ఈ సందేహం అక్కడే మొదలవుతుంది.

మూడోది చాలామందికి తెలియనిది. ఒకసారి పీఎఫ్ పరిధిలోకి వచ్చిన సంస్థలో ఆ తర్వాత పనివాళ్లు ఇరవైకంటే తగ్గినా పీఎఫ్ బాధ్యత పోదు. ఐదేళ్ల కిందట ఇరవై ఐదుగురితో నడిచిన సంస్థ ఈరోజు పద్నాలుగు మందే ఉన్నారని చెబితే, ఆ సంఖ్య నిజమే కావచ్చు, దానినుంచి వాళ్లు తీస్తున్న నిర్ణయం మాత్రం సరికాదు.

పీఎఫ్ కడుతున్నారో లేదో చేరకముందే ఎలా తెలుస్తుంది?

పీఎఫ్ వ్యవహారాలు చూసే ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైటులో `Establishment Search` అనే సదుపాయం అందరికీ అందుబాటులో ఉంది. సంస్థ పేరుతోగాని, ఈపీఎఫ్‌ఓ ఆ సంస్థకు ఇచ్చిన కోడ్ నంబరుతోగాని వెదకవచ్చు. పేరంతా కొట్టకుండా ఒకటి రెండు ముఖ్యమైన పదాలే కొట్టడం మేలు, ఎందుకంటే రికార్డుల్లో స్పెల్లింగు ఎలా ఉందో ముందే చెప్పలేం. ఫలితాల్లో చిరునామా చూసి మీకు కావలసిన సంస్థను గుర్తుపట్టాలి. ఒకే పేరుతో పక్క జిల్లాలో మరొకటి ఉండవచ్చు.

సంస్థ పేరు కనిపించినంత మాత్రాన సంతృప్తి పడవద్దు. కోడ్ నంబరు తీసుకుని ఏళ్లుగా ఒక్క రూపాయి కట్టనివీ ఆ జాబితాలో ఉంటాయి. `View Payment Details` లోకి వెళ్తే ఏ నెల జీతానికి, ఏ తేదీన, ఎంత మొత్తం, ఎంతమందికి జమ అయిందో వరుసగా కనిపిస్తుంది. ఒక నెల జీతాలకు చెందిన పీఎఫ్ మరుసటి నెల 15వ తేదీలోగా కట్టాలి. తేదీల వరుసలో రెండు మూడు రోజుల ఆలస్యం అప్పుడప్పుడు కనిపిస్తే దాన్ని పెద్దది చేయనవసరం లేదు. నాలుగైదు నెలలవి ఒకేసారి కట్టి, మళ్లీ ఖాళీ, మళ్లీ ఒకేసారి కట్టడం కనిపిస్తే చేతిలో డబ్బు ఆడినప్పుడు మాత్రమే కడుతున్నారని అర్థం. మీ జీతంలో కోత పడిన పీఎఫ్ కూడా అలాగే ఆగుతూ ఉంటుంది.

ఆ పట్టికలోనే చూడదగ్గది ఇంకొకటి ఉంది. మొత్తాన్ని మనుషుల సంఖ్యతో భాగిస్తే ఎంత జీతం మీద పీఎఫ్ కడుతున్నారో సుమారుగా తేలుతుంది. ఉద్యోగి వాటా 12 శాతం, యజమాని వాటా 12 శాతం, వీటికి తోడు బీమా కోసం అర శాతం, పరిపాలనా ఖర్చుల కింద అర శాతం యజమాని కడతారు. కలిపితే జీతంలో 25 శాతం. ఉదాహరణకు ఒక నెలలో 22 మందికి 33,000 రూపాయలు జమ అయ్యాయనుకుందాం. ఒక్కొక్కరికి 1,500 రూపాయలు. ఇది 25 శాతం కాబట్టి, కాగితం మీద చూపిన సగటు జీతం 6,000 రూపాయలే. అదే 22 మందికి 15,000 రూపాయల జీతం మీద కట్టి ఉంటే జమ 82,500 రూపాయలు ఉండాలి. కొందరు నెల మధ్యలో చేరి ఉండవచ్చు, కొందరు సెలవులో ఉండి ఉండవచ్చు, అందుకని ఒక్క నెల లెక్కతో తీర్పు చెప్పకూడదు. వరుసగా ఆరు నెలలు ఇదే 6,000 దగ్గర నిలబడి ఉంటే మాత్రం ఆ సంస్థ జీతంలో చిన్న ముక్క మీదే పీఎఫ్ కడుతోందని తీసుకోవచ్చు.

కనీస వేతనం ఎంతో ఎక్కడ చూడాలి?

రాష్ట్ర కార్మిక శాఖ వెబ్‌సైటులో చూడాలి. తెలంగాణకు `labour.telangana.gov.in`, ఆంధ్రప్రదేశ్‌కు `labour.ap.gov.in`. కనీస వేతనం అందరికీ ఒకటే అంకె అనుకోవడం పొరపాటు. దుకాణాలు, వాణిజ్య సంస్థలకు ఒక పట్టిక, ప్రింటింగ్ ప్రెస్సులకు మరొకటి, ఇలా పనిని బట్టి విడివిడి పట్టికలు ఉంటాయి. పట్టిక లోపల మళ్లీ ఉద్యోగం రకాన్నిబట్టి, చాలాచోట్ల ఊరి జోన్‌నుబట్టి అంకెలు మారతాయి. గుమస్తాకు, ప్యాకింగ్ చేసేవారికి, డ్రైవరుకు ఒకే వేతనం ఉండదు.

మూల వేతనం ఏళ్ల తరబడి మారకపోవచ్చు గాని, దానిమీద ధరల సూచీ ప్రకారం చేరే కరువు భత్యం ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుతుంది. మీకు కావలసింది ఈ రెండూ కలిపిన మొత్తం. ఎవరో వాట్సాప్‌లో పంపిన పాత పట్టికలోని మూల వేతనం ఒక్కటే చూసి “మాకు దానికంటే ఎక్కువే ఇస్తున్నారు” అనుకునేవారు చాలామంది. నెల వేతనాన్నుంచి రోజు వేతనం తీయాలంటే 26తో భాగించాలి, 30తో కాదు. వారపు సెలవుకు కూడా జీతం అందులోనే ఇమిడి ఉంటుంది.

పీఎఫ్‌కు ఉన్నట్టు ఇంతమంది ఉండాలన్న హద్దు కనీస వేతనానికి లేదు. దుకాణంలో మీరొక్కరే పనివారైనా అది వర్తిస్తుంది. తక్కువకు ఒప్పుకుంటూ మీరు సంతకం చేసినా ఆ ఒప్పుకోలు చెల్లదు.

నెలకు 16,000 ఇస్తామన్నారు. అది కనీస వేతనంకంటే ఎక్కువే కదా, ఇంక చూసేదేముంది?

ఆ 16,000 ఏయే పద్దుల కింద ఇస్తారో చూడాలి. ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. మందుల హోల్‌సేల్ ఏజెన్సీలో బిల్లింగ్ గుమస్తాగా చేరబోయే వ్యక్తికి బేసిక్ 7,000, ఇంటి అద్దె భత్యం 4,000, ప్రయాణ భత్యం 2,500, స్పెషల్ అలవెన్సు 2,500 అని చీటీ మీద రాసిచ్చారు. ఆ ఉద్యోగానికి ఆ జోన్‌లో ఆ నెల కనీస వేతనం 13,500 అనుకుందాం. ఈ అంకె లెక్క కోసమే, మీ పట్టికలో ఉన్నది మీరు చూసుకోవాలి.

వేతనాల కోడ్ అనే చట్టం ప్రకారం ఇంటి అద్దె భత్యం, ప్రయాణ భత్యం వేతనం నిర్వచనంలోకి రావు. ఇలా బయట ఉంచే మొత్తం సగానికి మించితే, మించినంత మేరకు తిరిగి వేతనంలో కలపాలి. ఇక్కడ బయట ఉన్నది 6,500, మొత్తంలో సగం 8,000. మించలేదు కాబట్టి తిరిగి కలిపేది ఏమీ లేదు. మిగిలిన బేసిక్, స్పెషల్ అలవెన్సు కలిపితే వేతనం 9,500. కనీస వేతనానికి ఇది 4,000 తక్కువ. చేతికి వచ్చే మొత్తం కనీస వేతనాన్ని దాటినట్టు కనబడుతున్నా, చట్టం చూసే వేతనం దాటలేదు.

ఇప్పుడు పీఎఫ్ సంగతి. ఆ చీటీ ప్రకారం పీఎఫ్ బేసిక్ 7,000 మీద మాత్రమే, అంటే 840 రూపాయలు కడతారట. స్పెషల్ అలవెన్సు అందరికీ ఒకే తీరున ఇచ్చేదైతే దాన్ని పీఎఫ్ లెక్కలో కలపాలని 2019లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కనుక ఆ చీటీని ఉన్నదున్నట్టు తీసుకున్నా 9,500 మీద 1,140 కట్టాలి. వేతనాన్ని 13,500కు సరిచేస్తే 1,620 అవుతుంది. యజమాని వాటా కూడా అంతే. ఈ తేడా నెలకు చిన్నదిగా అనిపిస్తుంది గాని, బోనస్, గ్రాట్యుటీ, ఓవర్‌టైము కూడా ఈ వేతనం అంకెనుంచే పుడతాయి.

అదే చీటీలో కింద “పీఎఫ్ రెండు వాటాలూ జీతంలోంచి” అని చిన్న అక్షరాల్లో ఉంటే అక్కడ ఆగి అడగాలి. యజమాని వాటాను ఉద్యోగి జీతంలోంచి కోయడం పీఎఫ్ పథకం నిబంధనలకు విరుద్ధం.

పని గంటలను కూడా లెక్కలోకి తీసుకోవాలా?

తప్పకుండా. కనీస వేతనం సాధారణ పని గంటలకు నిర్ణయించినది, ఆ గంటల హద్దు వారానికి 48. ఉదయం తొమ్మిదికి తెరిచి రాత్రి తొమ్మిదిన్నరకు మూసే దుకాణంలో, మధ్యలో గంట భోజన విరామం తీసేసినా, ఆరు రోజులకు 69 గంటలు అవుతాయి. 48 దాటిన 21 గంటలకు రెట్టింపు రేటున ఓవర్‌టైము రావాలి. జీతం గురించి బాగా మాట్లాడి గంటల గురించి “పని ఉన్నంతసేపు” అని దాటవేస్తే, కాగితం మీద ఎంత అందంగా ఉన్నా గంటకు పడే రేటు కనీస వేతనానికి దిగువకు జారిపోతుంది.

“పీఎఫ్ వద్దనుకుంటే ఆ డబ్బు కూడా చేతికే ఇస్తాం” అంటే ఒప్పుకోవచ్చా?

సంస్థ పీఎఫ్ పరిధిలో ఉండి, మీ పీఎఫ్ వేతనం 15,000 రూపాయల లోపు ఉంటే ఇది మీరో యజమానో ఇష్టపూర్వకంగా వదులుకోగల విషయం కాదు. వేతనం 15,000 దాటి, ఇంతకుముందు ఎప్పుడూ పీఎఫ్ సభ్యులు కానివారికి మాత్రమే బయట ఉండే వీలుంది. పాత ఉద్యోగంలో ఇచ్చిన యూఏఎన్, అంటే పీఎఫ్ సభ్యుడి శాశ్వత ఖాతా నంబరు ఉండి అందులో ఇంకా డబ్బు ఉంటే మీరు ఇప్పటికే సభ్యులు, కొత్త చోటా కొనసాగాలి. ఆ ఆఫరు వినడానికి తీపిగా ఉంటుంది గాని, పోయేది యజమాని వాటా ఒక్కటే కాదు. అందులోంచి పింఛను పథకానికి వెళ్లే 8.33 శాతం, ఉద్యోగంలో ఉండగా మరణిస్తే కుటుంబానికి వచ్చే బీమా కూడా పోతాయి.

నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరా?

వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2020 ప్రకారం ఉద్యోగికి నియామక పత్రం ఇవ్వడం యజమాని బాధ్యత. కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. ఆ కోడ్ సాధారణంగా పది మంది, అంతకు మించి పనివారున్న సంస్థలకు వర్తిస్తుంది. అంతకంటే చిన్న దుకాణమైనా రాతపూర్వకంగా అడగడానికి అడ్డేమీ లేదు, మంచి యజమాని ఇందుకు నొచ్చుకోరు.

పత్రంలో సంస్థ చట్టబద్ధమైన పేరు, చేరిన తేదీ, ఉద్యోగం పేరు, పద్దులవారీగా జీతం, పని గంటలు, వారపు సెలవు, పీఎఫ్, నోటీసు వ్యవధి ఉండాలి. ఉద్యోగం పేరు విషయంలో కాస్త జాగ్రత్తపడండి. మీరు అకౌంట్లు చూస్తుంటే పత్రంలో “సహాయకుడు” అని రాస్తే, మీరు కనీస వేతనాల పట్టికలో కింది వరుసలోకి జారతారు. చేరిన తేదీ కూడా అంతే ముఖ్యం. “మూడు నెలలు చూసి తర్వాత ఇస్తాం” అని ఆపితే, ఆ మూడు నెలల సర్వీసుకు ఆధారం ఉండదు. ప్రొబేషన్‌లో ఉన్నా పీఎఫ్ మొదటి రోజునుంచే వర్తిస్తుంది.

పత్రం ఇంకా రాకపోతే, చేరేముందు యజమానికి వాట్సాప్‌లో మర్యాదగా ఒక సందేశం పంపండి: “అన్నగారూ, నిన్న మీరు చెప్పినట్టు ఒకటో తేదీ నుంచి బిల్లింగ్ పనికి వస్తాను. జీతం 16,000, పని వేళలు ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు, ఆదివారం సెలవు అన్నారు. సరేనా?” ఆయన “సరే” అని ఇచ్చే ఒక్క జవాబూ తర్వాత పనికొచ్చే ఆధారమే.

సర్టిఫికెట్ల అసలు కాపీలు ఇమ్మంటున్నారు. ఇవ్వాలా?

చూపించండి, నకళ్లు ఇవ్వండి, అసలువి మాత్రం వదిలి రావద్దు. ఖాళీ చెక్కు, ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం అడిగితే అక్కడితో మాటలు ముగించడం మంచిది. పీఎఫ్ విషయంలో అవగాహన లేక తప్పుచేసే యజమాని ఉండవచ్చు గాని, ఖాళీ కాగితం మీద సంతకం అవగాహన లేక అడిగేది కాదు.

అక్కడ పనిచేసేవారిని ఏమని అడగాలి?

“పీఎఫ్ ఉందా?” అని అడిగితే చాలాసార్లు “ఉంది” అనే వస్తుంది, ఎందుకంటే జీతంలో కోత పడుతుంటే ఉన్నట్టే వాళ్ల లెక్క. దానికి బదులు “మీ పాస్‌బుక్‌లో పోయిన నెలది పడిందా?” అని అడగండి. యూఏఎన్‌కు అనుసంధానమైన ఫోనునుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే వివరాలు సందేశంగా వస్తాయి కాబట్టి, ఇష్టమైతే వారు అక్కడికక్కడే చూసుకోగలరు. జీతం ఏ తేదీన వస్తుందో కూడా అడగండి. నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోగా ఇవ్వాలి. ఈ మాటలు దుకాణంలో, యజమాని వినేచోట వద్దు. మీరు చేరకపోయినా వాళ్లు రేపు అక్కడే పనిచేయాలి.

లోపాలు కనిపించాయి, అయినా ఉద్యోగం అవసరం. ఏం చేయాలి?

లోపాల్లో తేడా ఉంది. నియామక పత్రం ఇచ్చే అలవాటు లేకపోవడం, పీఎఫ్ వారం ఆలస్యంగా కట్టడం అడిగితే సరిదిద్దుకునే లోపాలు. జీతంలో పీఎఫ్ కోసి ఖాతాలో జమ చేయకపోవడం అలాంటిది కాదు, అది మీ డబ్బును తమ దగ్గర పెట్టుకోవడమే. అలాంటి చోట వేరే దారి ఉన్నంతవరకు చేరకపోవడమే నా సలహా.

చేరక తప్పనప్పుడు జీతం నగదుగా కాకుండా బ్యాంకు ఖాతాలో వేయమని అడగండి. హాజరు వివరాలను మీ సొంత పుస్తకంలో తేదీలవారీగా రాసుకోండి, జీతం చీటీలు, సందేశాలు భద్రం చేసుకోండి. వేతనం తక్కువ ఇచ్చారన్న క్లెయిమును మూడేళ్లలోపు వేయవచ్చు. అలాంటి వివాదంలో బకాయి ఏమీ లేదని నిరూపించుకోవాల్సిన భారాన్ని వేతనాల కోడ్ యజమానిపైనే పెట్టింది. ఫిర్యాదు వేతనం గురించైతే మీ ప్రాంత సహాయ కార్మిక అధికారి వద్దకు, పీఎఫ్ గురించైతే `epfigms.gov.in` లోకి వెళ్లాలి. పీఎఫ్ ఫిర్యాదులో సంస్థ కోడ్ నంబరు అడుగుతారు, కనుక మొదట్లో వెదికినప్పుడు కనిపించిన ఆ నంబరును చేరకముందే ఎక్కడైనా రాసి ఉంచుకోండి.